ఉపకథ ప్రధాన కథను ఎక్కడ తాకాలి? పోలిక కథ నిర్మాణంపై ఒక పరిశీలన

నవలో నాటకమో రాయడానికి కూర్చున్నవారిలో చాలామంది ప్రధాన కథకు పోలికగా ఒక ఉపకథను నడిపి, చివరి అంకంలో రెండింటినీ కలపాలని అనుకుంటారు. సగం రాసేసరికి వారికి రెండు చిక్కుల్లో ఒకటి ఎదురవుతుంది. ఉపకథ ప్రధాన కథకు నకలుగా మారి, పాఠకుడు ఒకే సంగతిని రెండుసార్లు చదువుతున్నట్టు అనిపించడం మొదటిది. రెండు కథలూ దేని దారిన అవి పోయి, ముగింపులో అందరినీ ఒక పెళ్లి పందిట్లోకో ఆసుపత్రి వరండాలోకో బలవంతంగా చేర్చవలసి రావడం రెండోది. ఈ రెండు చిక్కులూ వేర్వేరుగా కనిపించినా వాటి మూలం ఒకటే. పోలిక అంటే ఏమిటో, కలయిక అంటే ఏమిటో స్పష్టం చేసుకోకుండానే రచన మొదలుపెట్టడం వల్ల అవి పుడతాయి.

ఈ వ్యాసం ఆ రెండు మాటలనూ విడదీసి చూస్తుంది. ఆధారంగా తీసుకున్నది ఈ పద్ధతికి అందరూ చూపించే నాటకం, షేక్‌స్పియర్ 'కింగ్ లియర్'. ఆ తర్వాత గుంటూరు జిల్లా పల్లె నేపథ్యంలో కల్పించిన ఒక నవల ప్రణాళికను అధ్యాయాల వారీగా పరిశీలిస్తాం.

## ఉపకథలన్నీ పోలిక కథలు కావు

ప్రధాన కథ అంటే కథానాయకుడు కోరుకున్నది, దానికి వచ్చిన అడ్డు, చివరకు తేలిన ఫలితం. ఉపకథలో మరొక పాత్రకు సొంత కోరిక, సొంత అడ్డు, సొంత ఫలితం ఉంటాయి. ఈ మూడూ లేనిదాన్ని సంఘటన అనవచ్చు గానీ ఉపకథ అనలేం. మన సినిమాల్లో ఒకప్పుడు విడిగా నడిచిన కామెడీ ట్రాకులను దీనితో పోల్చి చూడవచ్చు. వాటిలో కోరిక, అడ్డు, ఫలితం అన్నీ ఉండేవి. కానీ వాటిని కత్తిరించి పక్కన పెట్టినా అసలు కథకు గీత కూడా పడేది కాదు. అవి ఉపకథలే, పోలిక కథలు మాత్రం కావు.

పోలిక కథ కావాలంటే రెండు కథలూ ఒకే ప్రశ్నను ఎదుర్కోవాలి. వృత్తి, వయసు, ఊరు ఒకటి కానక్కర్లేదు. ఒకే ప్రశ్నకు ఇద్దరు మనుషులు చెరొక జవాబు చెప్పుకోవాలి, ఆ జవాబులకు చెరొక మూల్యం చెల్లించాలి.

మన అలంకారికులు ఈ విభజనను ఎప్పుడో చేశారు. పదో శతాబ్దానికి చెందిన ధనంజయుడి దశరూపకం కథావస్తువును ఆధికారికం, ప్రాసంగికం అని రెండుగా విడదీస్తుంది. ప్రాసంగికంలో చాలాదూరం నడిచేది పతాక, కొద్దిసేపట్లో ముగిసేది ప్రకరి. పతాకకు ఎప్పుడూ చెప్పే ఉదాహరణ సుగ్రీవుడి వృత్తాంతం. ఆ ఎంపిక యాదృచ్ఛికం కాదనిపిస్తుంది, ఎందుకంటే సుగ్రీవుడి కథ రాముడి కథకు పోలిక కథ కూడా. ఇద్దరూ రాజ్యం నుంచి దూరమైనవారే, ఇద్దరి భార్యలూ పరాధీనంలో ఉన్నవారే. తేడా అన్నదమ్ముల దగ్గర ఉంది. భరతుడు చేతికొచ్చిన రాజ్యాన్ని వద్దంటాడు. వాలి తమ్ముణ్ణి రాజ్యం నుంచి తరిమి, అతని భార్య రుమను తన దగ్గర ఉంచుకుంటాడు. రాజ్యమా, అన్నదమ్ముల బంధమా అన్న ప్రశ్న అయోధ్యలోనూ కిష్కింధలోనూ ఒకటే, జవాబులు మాత్రం వేరు.

## ఎప్పుడు ముగించాలన్నదానిపై రెండు మతాలు

పతాక ఎక్కడ ముగియాలన్న విషయంలో నాట్యశాస్త్రం ఒక నియమం చెబుతుంది. నాటక కథను ముఖ, ప్రతిముఖ, గర్భ, విమర్శ, నిర్వహణ అనే ఐదు సంధులుగా, అంటే కథ నడిచే ఐదు దశలుగా చూస్తే, పతాక గర్భసంధి దగ్గరో విమర్శసంధి దగ్గరో ఆగిపోవాలి. అంటే చివరిదైన నిర్వహణసంధి ప్రధాన కథకే దక్కాలి. సుగ్రీవుడి విషయంలో జరిగింది ఇదే. వాలి వధతో, పట్టాభిషేకంతో అతని సొంత పని కిష్కింధలోనే పూర్తయింది. పని ముగిసినా రుణం మిగిలింది. వానాకాలం గడిచినా ఆ రుణాన్ని పట్టించుకోకపోతే లక్ష్మణుడు కోపంతో కిష్కింధకు రావలసి వచ్చింది. లంకలో అతను చేసిన యుద్ధం ఆ రుణం తీర్చడమే. చివరి ఘట్టంలో ఉపకథలోని మనిషి ఉన్నాడు గానీ, ఉపకథలోని సమస్య లేదు.

ఎలిజబెత్ రాణి, జేమ్స్ రాజుల కాలపు ఇంగ్లండు నాటకకర్తల పద్ధతి దీనికి భిన్నం. వారు ఉపకథలోని సమస్యను కూడా చివరి అంకం దాకా తెరిచే ఉంచి, రెండు సమస్యలూ ఒకే రంగంలో తేలేలా నడిపారు. ఇందులో ప్రమాదం ఎక్కువ. ప్రేక్షకుడి మనసు రెండు చోట్ల ఉంటుంది, ప్రధాన కథకు దక్కవలసిన బరువు చీలిపోతుంది. అయినా ఇది పనిచేసిన చోట కలిగే తీవ్రత మొదటి పద్ధతిలో దొరకదు. ఏది మేలన్నది రాసేవారు తేల్చుకోవలసిన విషయం. ఉపకథ పాత్ర చివర్లో సహాయకుడిగా నిలవాలనుకుంటే సుగ్రీవుడి దారి సరిపోతుంది. అతని నిర్ణయమే ప్రధాన కథ ఫలితాన్ని మార్చాలనుకుంటే రెండో దారి తప్పదు. ఇక్కడి నుంచి చర్చ ఆ రెండో దారి గురించే.

## ఉపకథ లేని లియర్, ఉన్న లియర్

షేక్‌స్పియర్ చేతికి రాకముందే లియర్ కథ ఇంగ్లండులో నాటకంగా ఉంది. రచయిత పేరు లేకుండా 1605లో అచ్చైన ఆ పాత నాటకంలో ముసలిరాజు, అతని ముగ్గురు కూతుళ్లు, రాజ్య విభజన, ఇద్దరు కూతుళ్ల ద్రోహం అన్నీ ఉన్నాయి. గ్లోస్టర్ మాత్రం లేడు. చివర్లో రాజుకు సింహాసనం తిరిగి దక్కుతుంది, చిన్న కూతురు బతుకుతుంది.

గ్లోస్టర్ కథ మరోచోట ఉంది. ఫిలిప్ సిడ్నీ రాసి, 1590లో అచ్చైన 'ఆర్కేడియా' అనే వచన కావ్యంలో పాఫ్లగోనియా రాజు అక్రమ సంతానమైన కొడుకు మాట నమ్మి మంచి కొడుకును దూరం చేసుకుంటాడు, ఆ చెడ్డ కొడుకు చేతిలోనే కళ్లు పోగొట్టుకుంటాడు, చివరకు మంచి కొడుకే అతణ్ణి చేయి పట్టి నడిపిస్తాడు. దానికీ లియర్‌కూ ఏ సంబంధమూ లేదు. షేక్‌స్పియర్ ఆ కథను తెచ్చి, తన నాటకంలో గ్లోస్టర్ ప్రభువు కథగా మార్చి, లియర్ కథ పక్కన నిలబెట్టాడు. ఆ నాటకాన్ని 1606 డిసెంబర్ 26న రాజాస్థానంలో ప్రదర్శించారు.

రెండు కథల పోలిక పైకి చూస్తేనే తెలుస్తుంది. ఇద్దరు ముసలి తండ్రులు ప్రేమించే బిడ్డను వెళ్లగొట్టి, మోసగించే బిడ్డను నమ్ముతారు. గమనించవలసింది తేడాలను. లియర్ తన తప్పును నిండు సభలో, అహంకారంతో, తనంతట తానే చేస్తాడు. ఆ తప్పు చేసేలా ఎవరూ పన్నాగం పన్నలేదు. పొగడ్త కావాలన్నాడు, దొరికింది. గ్లోస్టర్ తప్పు ఇంట్లో, చాటుగా, అతని చెడ్డ కొడుకు ఎడ్మండ్ సృష్టించిన దొంగ ఉత్తరం వల్ల జరుగుతుంది. శిక్షల్లోనూ అంతే తేడా ఉంది. లియర్ మతి పోగొట్టుకుంటాడు, గ్లోస్టర్ కళ్లు పోగొట్టుకుంటాడు. మనసుకు తగిలిన దెబ్బ ఒక కథలో, ఒంటికి తగిలిన దెబ్బ మరో కథలో పెట్టడంతో, ప్రేక్షకుడు ఒక దాని సాయంతో రెండోదాన్ని అర్థం చేసుకుంటాడు. ఇద్దరికీ పిచ్చే పట్టి ఉంటే రెండోది పునరుక్తి అయ్యేది.

ప్రణాళిక వేసుకునేవారు దీని నుంచి గ్రహించగలిగేది ఒకటుంది. పోలికలు ఎన్ని ఉన్నా తప్పు పుట్టిన కారణం మాత్రం రెండు కథల్లోనూ ఒకటి కాకూడదు. కారణం ఒకటైతే, మొదటి తండ్రికి ఏమవుతుందో చూసిన ప్రేక్షకుడు రెండో తండ్రికి ఏమవుతుందో ముందే ఊహించగలడు. కారణాలు వేరైతే ఆ ఊహ సాగదు.

## చివరి కలయికకు ముందు వేసిన ముడులు

కలయిక చివరి అంకంలో కనిపిస్తుంది గానీ, అక్కడ మొదలు కాదు. నాటకం మొదలయ్యేదే లియర్ కొలువులోని కెంట్ ప్రభువు, గ్లోస్టర్‌ల మాటలతో. రాజు సభలోకి రాకముందే గ్లోస్టర్, కెంట్‌తో మాట్లాడుతూ పక్కనే నిలబడ్డ ఎడ్మండ్‌ను అక్రమ సంతానమని నవ్వుతూ పరిచయం చేస్తాడు. రాజ్య విభజన తర్వాతి రంగంలోనే దొంగ ఉత్తరం వస్తుంది. రెండు కథలూ పక్కపక్కనే పుట్టాయి కాబట్టి, తర్వాత అవి కలిసినప్పుడు కొత్తవాళ్లు ఎవరో వచ్చారనిపించదు.

రెండో అంకంలో స్థలం ఒకటవుతుంది. కూతురు రీగన్, అల్లుడు కార్న్‌వాల్ గ్లోస్టర్ కోటకు వస్తారు. లియర్ తుపానులోకి వెళ్లిపోయాక తలుపులు మూసుకున్న కోట అదే. మూడో అంకంలో కారణం ఒకటవుతుంది. రాజుకు సాయపడాలని గ్లోస్టర్ నిర్ణయించుకుంటాడు, ఆ రహస్యాన్ని నమ్మకంగా ఎడ్మండ్‌కే చెబుతాడు, ఎడ్మండ్ దాన్ని కార్న్‌వాల్‌కు అందిస్తాడు. గ్లోస్టర్ కళ్లు పీకించడం ఉపకథకు శిఖరం, కానీ దానికి కారణం ప్రధాన కథలో గ్లోస్టర్ చేసిన పని. ఆ హింస చూడలేక ఒక సేవకుడు కార్న్‌వాల్‌పై కత్తి దూస్తాడు. ఆ గాయంతో కార్న్‌వాల్ చనిపోతాడు, రీగన్ విధవ అవుతుంది, ఎడ్మండ్‌ను పెళ్లాడాలనుకుంటుంది. అక్క గానెరిల్‌కూ అతని మీదే మనసు ఉండటంతో అక్కచెల్లెళ్లు శత్రువులవుతారు. ఇలా ఉపకథలోని ఒక ఘట్టం ప్రధాన కథలోని శత్రుపక్షాన్ని లోపలి నుంచి చీలుస్తుంది.

వేళ కూడా లెక్క ప్రకారమే ఉంది. గ్లోస్టర్‌కు జరగవలసిన ఘోరం మూడో అంకం ముగింపులోనే జరిగిపోతుంది. లియర్‌కు జరగవలసిన ఘోరం ఐదో అంకం చివర్లో ఉంది. రెండు శిఖరాలూ ఒకే చోట ఉంటే ఒకటి రెండోదాన్ని కప్పేస్తుంది. గ్లోస్టర్ మరణాన్ని అసలు రంగస్థలం మీద చూపించనే లేదు. ఆనందానికీ దుఃఖానికీ మధ్య అతని గుండె పగిలిందని మంచి కొడుకు ఎడ్గర్ చెబితే వింటాం. ఒక ముసలి తండ్రి కన్నుమూయడాన్ని కళ్లారా చూడటం లియర్ విషయంలోనే, అదీ ఒక్కసారే.

## ఒక ఉత్తరం, కొన్ని నిమిషాలు

నాలుగో అంకంలో గానెరిల్ సేవకుడు ఆస్వాల్డ్, గుడ్డివాడైన గ్లోస్టర్‌ను చంపబోయి ఎడ్గర్ చేతిలో చస్తాడు. అతని దగ్గర గానెరిల్ ఎడ్మండ్‌కు రాసిన ఉత్తరం దొరుకుతుంది. అందులో తన భర్త అల్బనీని వదిలించుకోవాలన్న కుట్ర ఉంది. ఎడ్గర్ ఆ ఉత్తరాన్ని యుద్ధానికి ముందే మారువేషంలో అల్బనీకి అందిస్తాడు. చివరి రంగంలో ఎడ్మండ్‌పై ద్రోహం మోపడానికి, గానెరిల్ నోరు మూయించడానికి అల్బనీకి ఉన్న ఆధారం ఆ ఒక్క కాగితమే. రెండు కథల్లోని శత్రువులూ దాని వల్లే ఒకేసారి బయటపడతారు. ఉపకథ దొంగ ఉత్తరంతో మొదలై, నిజమైన ఉత్తరంతో ముగింపుకు వస్తుందని గమనిస్తే నిర్మాణం మరింత స్పష్టమవుతుంది.

కానీ అసలు కలయిక ఉత్తరంలో లేదు, సమయంలో ఉంది. యుద్ధంలో ఓడి బందీలైన లియర్‌ను, అతని చిన్న కూతురు కార్డీలియాను చంపమని ఎడ్మండ్ ఒక సైనికాధికారికి చాటుగా ఆజ్ఞ ఇచ్చి పంపుతాడు. ప్రేక్షకుడికి ఆ సంగతి తెలుసు, రంగస్థలం మీద మిగతావారికి తెలియదు. ఆ తర్వాత బూర మూడుసార్లు మోగుతుంది, ఎడ్గర్ ముఖం కప్పుకుని వస్తాడు, అన్నదమ్ములు ద్వంద్వయుద్ధం చేస్తారు, ఎడ్మండ్ పడిపోతాడు, ఎడ్గర్ తానెవరో చెబుతాడు, తండ్రి మరణాన్ని వివరిస్తాడు. ఇదంతా ఉపకథ ముగింపు. న్యాయం గెలుస్తోంది కాబట్టి చూడటానికి తృప్తిగానే ఉంటుంది. ఆ కథనం విని మనసు కదిలిన ఎడ్మండ్, అది బహుశా ఏదైనా మేలు చేస్తుందేమో అంటూనే ఇంకా చెప్పమంటాడు, ఆజ్ఞ సంగతి మాత్రం ఎత్తడు. తర్వాత అక్కచెల్లెళ్ల చావు వార్త వస్తుంది. కెంట్ వచ్చి రాజు ఎక్కడని అడిగే దాకా బందీల సంగతి ఎవరికీ గుర్తుకు రాదు. ఎడ్మండ్ అప్పుడు నిజం చెబుతాడు, మనిషిని పరుగెత్తిస్తారు, కానీ అప్పటికే ఆలస్యమైంది. లియర్ కార్డీలియా శవాన్ని చేతుల్లో మోసుకుంటూ వస్తాడు.

ఉపకథ చక్కగా ముగియడానికి పట్టిన ఆ కొన్ని నిమిషాలే ప్రధాన కథలో కార్డీలియా ప్రాణం తీశాయి. చాలామంది కలయికను ఉపకథ వచ్చి ప్రధాన కథను కాపాడటంగా ఊహించుకుంటారు. ఇక్కడ ఉపకథ గెలుపే ప్రధాన కథ ఓటమికి కారణం. కలయికకు ఇంతకంటే బిగువైన రూపం నాకు కనిపించలేదు.

## పోలిక మీద వచ్చిన అభ్యంతరాలు

ఈ నిర్మాణాన్ని అందరూ మెచ్చుకోలేదు. పద్దెనిమిదో శతాబ్దపు విమర్శకుడు జోసెఫ్ వార్టన్, ఎడ్మండ్ జోక్యం వల్ల కథ సరళత పోయిందన్నాడు. శామ్యూల్ జాన్సన్ తన 1765 షేక్‌స్పియర్ నాటకాల సంపుటిలో ఆ మాటకు జవాబిచ్చాడు. సరళతకు జరిగిన నష్టాన్ని వైవిధ్యం పూడ్చిందని, ఎడ్మండ్ ప్రధాన ఉద్దేశానికి తోడ్పడేలా నడిచాడని ఆయన వాదన. 1904లో ఎ.సి. బ్రాడ్లీ ఇద్దరి మాటల్లోనూ కొంత నిజం ఉందన్నట్టుగా రాశాడు. రెండు కథల వల్ల పాత్రలు, సంఘటనలు కిక్కిరిసి ప్రేక్షకుడి దృష్టి అలసిపోతుందని ఆయన ఫిర్యాదు. అదే చోట, ఒకే రకమైన ద్రోహం రెండిళ్లలో జరగడం వల్ల అది ఒక కుటుంబపు దురదృష్టంగా కాక, లోకమంతటా వ్యాపించిన కీడుగా తోస్తుందని కూడా ఆయనే అన్నాడు.

కలయికను సుఖాంతం వైపు మళ్లిస్తే ఏమవుతుందో చూపిన ప్రయోగం కూడా జరిగింది. 1681లో నాహుమ్ టేట్ ఈ నాటకాన్ని తిరగరాసి, ఎడ్గర్‌కూ కార్డీలియాకూ మధ్య ప్రేమను కల్పించి, చివరికి ఇద్దరినీ కలిపాడు. లియర్‌కు రాజ్యం తిరిగి ఇచ్చాడు. ఆ పాఠమే ఇంగ్లండు రంగస్థలం మీద దాదాపు నూట యాభై ఏళ్లు నడిచింది. కాబట్టి అది ప్రేక్షకులకు నచ్చలేదనడం కుదరదు. రెండు కథలనూ పెళ్లితో కలపడం అర్థం చేసుకోవడానికి సులువు, చూడటానికి హాయి. దానివల్ల పోయేది మూల్యం. టేట్ రూపంలో ఉపకథ ముగియడం వల్ల ప్రధాన కథకు నష్టమేమీ లేదు కాబట్టి, ఆ రెండు ముగింపులూ ఒకే రంగంలో ఉండవలసిన అవసరం కూడా బలహీనపడుతుంది.

## ఒక నవల ప్రణాళిక: వేలిముద్రలు

ఈ సూత్రాలు ఇప్పటి తెలుగు నవలకు ఎలా వర్తిస్తాయో చూడటానికి ఒక కల్పిత ప్రణాళికను తీసుకుందాం. నవల 30 అధ్యాయాలు. స్థలం గుంటూరు జిల్లాలో మిర్చి పండే ఒక పల్లె.

ప్రధాన కథ భవానిది. ఊరి సహకార పరపతి సంఘంలో, అంటే జనం సొసైటీ అని పిలిచే చోట, ఆమె కొత్తగా క్లర్కుగా చేరింది. పాత రికార్డులు చూస్తుంటే చనిపోయిన రైతుల పేర్ల మీద పంట రుణాలు ఇచ్చినట్టు కనిపిస్తుంది. మంజూరు కాగితాల మీద సంతకం అప్పటి కార్యదర్శి రామకోటయ్యది. ఆయన ఆమె తండ్రి, ఇప్పుడు మంచంలో ఉన్నాడు. సొంత మనిషి తప్పును బయటపెట్టాలా, దాచాలా అన్నది కథలోని ప్రశ్న.

ఉపకథ అదే సొసైటీలో అటెండరుగా ఉన్న వీరయ్యది. కొడుకు శీను కోల్డ్ స్టోరేజీలో పనిచేస్తూ, రైతులు దాచుకున్న మిర్చి టిక్కీలను దొంగచాటుగా అమ్ముకున్నాడు. వీరయ్య ముందున్న ప్రశ్న కూడా అదే. కానీ ఇక్కడ తప్పు చేసింది తండ్రి కాదు, కొడుకు. దాచాలో వద్దో తేల్చుకోవలసింది కూతురు కాదు, తండ్రి. కారణాలు కూడా వేరు. రామకోటయ్య సంతకాలు పెట్టింది సొసైటీ అధ్యక్షుడికి ఎదురు చెప్పలేని పిరికితనంతో, శీను దొంగతనం చేసింది అప్పుల ఒత్తిడితో. లియర్, గ్లోస్టర్‌ల మధ్య తేడా చేసిన పనే ఇక్కడ ఈ తేడా చేస్తుంది. భవాని మెల్లగా బయటపెట్టడం వైపు నడుస్తుంది, వీరయ్య వెంటనే దాచడాన్ని ఎంచుకుంటాడు. వీరయ్య ఎంచుకున్న దారి ఎక్కడికి పోతుందో చూస్తున్న పాఠకుడికి భవాని ముందున్న రెండో దారి కూడా చెప్పకుండానే కనిపిస్తుంది.

రెండు కథలనూ ముడివేసే వస్తువు ఒక వేలిముద్ర. నాలుగో అధ్యాయంలో భవాని పాత ఓచర్లు తిరగేస్తుంటే, చనిపోయిన రైతుల పేర్ల పక్కన ఉన్న వేలిముద్రలన్నిటిలోనూ అడ్డంగా ఒక గాటు కనిపిస్తుంది. అన్నీ ఒకే మనిషివని ఆమెకు తెలుస్తుంది, ఎవరివో తెలియదు. రెండో అధ్యాయంలోనే వీరయ్య కట్టెలు కొడుతూ, ఎప్పుడో గొడ్డలి తగిలిన బొటనవేలికి గుడ్డ చుట్టుకోవడం వచ్చి ఉంటుంది. పాఠకుడు దాన్ని గమనించకపోయినా తప్పు లేదు, వెనక్కి వెళ్లి చూస్తే దొరికితే చాలు.

తొమ్మిదో అధ్యాయంలో శీను దొంగతనం బయటపడుతుంది. సొసైటీ అధ్యక్షుడు మధ్యవర్తిత్వం చేసి కేసు లేకుండా చేస్తాడు. పదిహేడో అధ్యాయంలో ఆ ఉపకారానికి బదులుగా ఒక తెల్లకాగితం మీద వీరయ్య చేత వేలిముద్ర వేయించుకుంటాడు. ఇది ఉపకథకు శిఖరం. గ్లోస్టర్ విషయంలో లాగే నవల సగం దాటిన చోట, ప్రధాన కథ శిఖరానికి చాలా ముందే వస్తుంది. ఇక్కడి నుంచి వీరయ్య కథలో కొత్త సంఘటనలు పెట్టనక్కర్లేదు, పడ్డ ముడి బిగుసుకుంటూ పోతే చాలు. 20, 23 అధ్యాయాల్లో అతను భవాని కళ్లలోకి చూడలేకపోవడం, శీను మళ్లీ పనిలో చేరి ఏమీ జరగనట్టు తిరగడం సరిపోతాయి.

కలయిక 27వ అధ్యాయంలో, సొసైటీ మహాజన సభలో జరుగుతుంది. రుణాల సంగతి భవాని సభ్యుల ముందు పెడుతుంది. అధ్యక్షుడు దానికి సిద్ధంగానే ఉన్నాడు. వీరయ్య వేలిముద్ర ఉన్న కాగితం తీసి చదువుతాడు. రామకోటయ్య ఒక్కడే ఇదంతా చేశాడని, తాను కళ్లారా చూశానని వీరయ్య చెప్పినట్టు అందులో రాసి ఉంటుంది. కాగితం చేతికందినప్పుడు భవాని దాని మీది గాటు చూస్తుంది. అధ్యక్షుడు తెచ్చిన సాక్ష్యమే దొంగ ముద్రలు వేసింది ఎవరో చెప్పేస్తోంది.

ఇక్కడే ప్రణాళికలో ఎక్కువగా జరిగే పొరపాటు పొంచి ఉంది. రాసేవారికి వెంటనే తట్టేది వీరయ్య లేచి నిలబడి నిజం ఒప్పుకోవడం. దృశ్యంగా అది కంట తడి పెట్టిస్తుంది, కానీ అలా చేస్తే ఉపకథ వచ్చి ప్రధాన కథను కాపాడినట్టవుతుంది. 26 అధ్యాయాలు నడిచి వచ్చిన భవాని తన నవల ముగింపులో ప్రేక్షకురాలిగా మిగులుతుంది. అందుకని ముందు కదలవలసింది ఆమే. ఆ కాగితాన్ని ఓచర్ల పక్కన పెట్టి చూడమని ఆమె అడగాలి. అలా అడిగితే వీరయ్య చిక్కుతాడని, అతను నోరు విప్పితే తన తండ్రి పేరు కూడా వస్తుందని తెలిసి అడగాలి. ఆ తర్వాతే వీరయ్య లేస్తాడు. రామకోటయ్యగారు చెబితేనే వేశానని, ఆయనకు అధ్యక్షుడు చెప్పాడని అంటాడు. ఆ మాటతో అధ్యక్షుడు పడిపోతాడు, రామకోటయ్య కూడా పడిపోతాడు, శీను కేసు మళ్లీ తెరుచుకుంటుంది. భవాని గెలుపు వీరయ్య ఇంటిని కూలుస్తుంది, వీరయ్య నిజం భవాని తండ్రిని బయటపెడుతుంది. ఒకరి ముగింపు మూల్యాన్ని రెండోవారు చెల్లిస్తారు.

28వ అధ్యాయంలో శీను అరెస్టును నేరుగా చూపించకుండా ఎవరి నోటనైనా ఒకటి రెండు వాక్యాల్లో వినిపిస్తే మంచిది. నవలలో మిగిలిన చోటు భవానికీ మంచంలోని తండ్రికీ మధ్య జరగవలసిన సంభాషణకే దక్కాలి.

## బలహీనతను ముందే పట్టుకోవడం

ప్రణాళిక కాగితం మీద ఉండగానే పనికొచ్చే పరీక్షలు రెండు. మొదటిది, ఉపకథను పూర్తిగా తీసేసి ప్రధాన కథను మొదటి నుంచి చివరి దాకా నోటితో చెప్పి చూడటం. పై నవలలో వీరయ్య లేకపోతే అధ్యక్షుడి కాగితం ఉండదు, వేలిముద్ర ఎవరిదో తేలదు, సభ తిరగదు. కథ ఎక్కడా ఆగకుండా సాగిపోయిందంటే ఆ ఉపకథ అలంకారమే. రెండోది, ఉపకథ ముగింపును తలకిందులు చేయడం. వీరయ్య చివరిదాకా నోరు విప్పలేదనుకుంటే భవాని ముగింపు మారుతుందా? మారకపోతే రెండు కథలూ ఒకే గదిలో ఉన్నాయే తప్ప కలవలేదు.

పునరుక్తిని పట్టుకోవడం వీటికంటే కష్టం, ఎందుకంటే రాసేవారికి ప్రతి సంఘటనా కొత్తగానే కనిపిస్తుంది. ఉపకథలోని ప్రతి అధ్యాయానికీ ఎదురుగా, అది ప్రధాన కథ గురించి పాఠకుడికి కొత్తగా ఏం చెబుతోందో ఒక వాక్యంలో రాసుకుంటే దారి దొరుకుతుంది. అదే వాక్యం రెండు అధ్యాయాలకు వస్తే వాటిలో ఒకటి పోవాలి. పై ప్రణాళికలో 20, 23 అధ్యాయాలకు ఈ ప్రమాదం ఉంది. రెండూ వీరయ్య అపరాధ భావాన్నే చెబుతున్నట్టయితే, 23ను శీను వైపు నుంచి రాసి, తండ్రి తన కోసం ఏం చేశాడో అతనికి తెలిసే ఘట్టంగా మార్చుకోవచ్చు. అప్పుడు శీనుకు కూడా సభలో ఉండటానికి ఒక కారణం దొరుకుతుంది.